అపోహలు - వాస్తవాలు: తెల్ల కాలర్ పచ్చబడేది చెమట వల్లేనా?

మా లాండ్రీకి వచ్చే తెల్లబట్టల్లో ఎక్కువ ఫిర్యాదు ఈ పసుపు మరక గురించే. "ఎన్నిసార్లు ఉతికినా పోవట్లేదండీ" అంటూ కాలర్ తిప్పి చూపిస్తారు. చాలామంది అప్పటికే ఇంట్లో ఏవేవో ప్రయోగాలు చేసి, మరకను ఇంకా మొండిగా మార్చేసి తెస్తారు.

అపోహ: ఇది చెమట మరక

చెమటలో ఉండేది దాదాపు అంతా నీళ్లే, కాస్త ఉప్పు. అది మామూలు ఉతుకులోనే పోతుంది. కాలర్‌కు అంటుకునేది మెడ మీది చర్మం జిడ్డు. దిండు గలీబుకైతే దానికి తోడు తలనూనె. ఈ నూనె కొత్తగా ఉన్నప్పుడు రంగు ఉండదు, కంటికి కనబడదు. చల్లనీళ్లలో ఉతికితే పైపైన పోయి, కొంత నూలు పోగుల్లోనే ఉండిపోతుంది. ఆ మిగిలింది గాలి తగిలి నెమ్మదిగా పచ్చగా, జిగురుగా మారుతుంది. మూకుడు అంచుకు పట్టిన పాత నూనెకు జరిగేది కూడా ఇదే. తెల్లగా మడతపెట్టి బీరువాలో దాచిన చొక్కా కొన్ని నెలల తర్వాత పచ్చటి కాలర్‌తో బయటికి రావడానికి కారణం ఇదే. ఇస్త్రీ వేడి ఈ మార్పును ఇంకా తొందర చేస్తుంది. అందుకే మరక పూర్తిగా పోయేదాకా ఆ కాలర్ మీద ఇస్త్రీ పెట్టొద్దు.

చంకల దగ్గర గట్టిగా, పొరలా తగిలే పసుపు మరక వేరే. అందులో డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలు కూడా ఉంటాయి. దాని సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

అపోహ: బ్లీచ్ పోస్తే తెల్లబడుతుంది

ఘాటు వాసన వచ్చే క్లోరిన్ బ్లీచ్ జిడ్డును కరిగించదు. పైగా బట్టకు మెరుపునిచ్చే వైట్‌నర్ పూతను దెబ్బతీస్తుంది. ముడతలు పడని రకం చొక్కాలకు ఫ్యాక్టరీలో వేసే కొన్ని రకాల రెసిన్ అయితే క్లోరిన్‌ను పట్టేసుకుని తనే పచ్చబడుతుంది. ఇక నీలిమందు మరకను తీయదు, పసుపు కనబడకుండా కప్పుతుంది అంతే.

అపోహ: వంటసోడా, నిమ్మరసం కలిపి రుద్దితే చాలు

నురగ బాగా వస్తుంది కాబట్టి పని జరుగుతోందనిపిస్తుంది. నిజానికి ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ నురగ గ్యాస్ మాత్రమే.

మరి ఏం చేయాలి?

రెండు పనులు, ఇదే వరసలో: ముందు జిడ్డు తీయాలి, తర్వాత రంగు తీయాలి. జిడ్డు ఉండగా రంగు తీసే పౌడర్ పోగులోకి సరిగా వెళ్లదు. చాలామందికి ఫలితం రాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

కొబ్బరినూనెతో పచ్చబడిన రెండు కాటన్ గలీబులు, ఒక కాలర్ ఉన్నాయనుకోండి. బట్ట పొడిగా ఉండగానే మరక మీద గిన్నెలు తోమే లిక్విడ్ చుక్కలుగా వేసి, పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. ముందే తడిపితే నీళ్లు అడ్డుపడి లిక్విడ్ నూనె దాకా చేరదు. ఇరవై నిమిషాలాగి గోరువెచ్చని నీళ్లతో జాడించండి. బట్ట ఆరాక మరక మీద వేలితో ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. చుక్క వెంటనే ఇంకితే జిడ్డు పోయినట్టు. ముత్యంలా నిలబడితే ఇంకోసారి రుద్దాలి.

తర్వాత ప్లాస్టిక్ బకెట్‌లో 3 లీటర్ల కుళాయి నీళ్లు పోసి, 2 లీటర్ల మరిగే నీళ్లు కలపండి. సుమారు 50-55 డిగ్రీలకు వస్తుంది. అందులో సోడియం పెర్కార్బోనేట్, అంటే ఆక్సిజన్ బ్లీచ్ పౌడర్, మూడు పెద్ద చెంచాలు కరిగించి బట్టలు పూర్తిగా ముంచండి. నాలుగైదు గంటలు కదపనక్కర్లేదు. ఇది నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతుంది. చల్లనీళ్లలో వేస్తే ఆ పని చాలా మందగిస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, క్లోరిన్ బ్లీచ్‌తో కలపొద్దు, కలిపిన నీళ్లను మూత బిగించిన సీసాలో దాచొద్దు. గ్యాస్ నిండి సీసా పగలొచ్చు. తర్వాత మామూలుగా ఉతికి ఎండలో ఆరేయండి. మరక ఛాయ మిగిలితే మళ్లీ నానబెట్టండి.

పట్టు, ఉన్ని బట్టలకు ఇది వద్దు. కాలర్‌ను పొయ్యి మీద ఉడకబెట్టడం కూడా వద్దు. లోపలి బక్రం జిగురు వదిలి బుడగలు వస్తాయి.

ఇంత చేసినా ఫలితం లేకపోతే బకెట్ లోపలి గోడ చూడండి. ఇటుకరంగు చార ఉంటే బోరు నీళ్లలో ఇనుముంది, బట్టంతా పచ్చబడింది అందుకే. ఆ నీళ్లలో పెర్కార్బోనేట్ వాడితే ఇనుము ఉన్నచోట పోగు బలహీనపడి చిల్లులు పడొచ్చు. ఆ బట్టలకు ముందు తుప్పు తీసే మందు కావాలి. పాలిస్టర్ కలిసిన చొక్కాల్లో పాత జిడ్డు కొంత మిగిలిపోవచ్చు. ఇక క్లోరిన్ వల్ల రెసిన్ పచ్చబడిన చొక్కాను ఈ పద్ధతి తెల్లగా చేయలేదు. దుకాణానికి తెచ్చినవాళ్లకూ నేను అదే చెప్పి తిరిగి ఇచ్చేస్తాను.