అపోహలు - వాస్తవాలు: మోటారు ప్లేటు మీది కిలోవాట్లు ఎక్కడివి?

మోటార్ల మరమ్మతులో ఇన్నేళ్లుగా నేను ఎక్కువగా వింటున్న మాట ఇది: "హెచ్‌పీ అంటే మోటారు ఇచ్చేది, కిలోవాట్లు అంటే కరెంటు నుంచి తీసుకునేది." ఇందులో రెండో సగం తప్పు. దిగుమతి మోటారు ప్లేటు మీది కిలోవాట్లు కూడా షాఫ్టు దగ్గర అందే శక్తే. హెచ్‌పీని 0.746తో గుణిస్తే చాలు, లెక్క అక్కడితో అయిపోయింది. ఎఫిషియెన్సీని మళ్లీ అందులోకి లాగకూడదు.

ఒక పసుపు మిల్లులో 7.5 హెచ్‌పీ మోటారు కాలిపోయింది. దాని స్థానంలో పెట్టడానికి దొరికిన ఇటలీ మోటారు ప్లేటు మీద 5.5 కిలోవాట్లు, 89.6 శాతం ఎఫిషియెన్సీ అని ఉంది. యజమాని 5.5ను 0.746తో భాగించి 7.37 హెచ్‌పీ తెచ్చుకున్నారు. అక్కడ ఆగితే బాగుండేది. దాన్ని 0.896తో గుణించి, 6.6 హెచ్‌పీయే వస్తుందని భయపడి 7.5 కిలోవాట్ల మోటారు కొన్నారు. సీజను మధ్యలో మిల్లు ఆగిన మనిషి ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ కొత్త మోటారు పాత బెడ్ మీద కూర్చోలేదు. షాఫ్టు ఎత్తు రెండింటికీ 132 మిల్లీమీటర్లే. పాదాల రంధ్రాల మధ్య పొడవు మాత్రం పాతదానికి 140, కొత్తదానికి 178. బెడ్‌కు మళ్లీ రంధ్రాలు వేయించి, ఓవర్‌లోడ్ రిలే కూడా మార్చాల్సి వచ్చింది.

నా మాట నమ్మనక్కర్లేదు, ఆ ఇటలీ ప్లేటే సాక్ష్యం చెబుతుంది. దాని మీద 400 వోల్టులు, 10.6 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.84 అని ఉంది. వీటిని 1.732తో కలిపి గుణిస్తే సుమారు 6,170 వాట్లు వస్తాయి. లైను నుంచి తీసుకునేది ఇది. దీన్ని 0.896తో గుణిస్తే సుమారు 5,530. ప్లేటు మీది 5.5 కిలోవాట్లు ఇవే. కరెంటు ఖర్చు అంచనాకు 6.17 తీసుకోండి. రిలేను మాత్రం హెచ్‌పీ లెక్కతో కాక, మీ వోల్టేజీకి ప్లేటు చూపిన ఆంపియర్లతోనే సెట్ చేయండి.

పాత యూరప్ ప్లేట్ల మీద కనిపించే సీవీ, పీఎస్ కూడా హార్స్‌పవరే. అక్కడ 0.7355తో గుణించాలి. 7.5 దగ్గర తేడా 80 వాట్లలోపే, దానికోసం నిద్ర పాడుచేసుకోవద్దు.

50, 60 హెర్ట్‌జ్‌లకు రెండు వరుసలుంటే మన దేశంలో 50 వరుసే చూడాలి. 60 వరుసలో కిలోవాట్లు ఎక్కువగా కనిపించవచ్చు, మన లైను మీద ఆ అంకె పనికిరాదు.

చివరిగా కామా. యూరప్‌లో చాలాచోట్ల దశాంశ బిందువు బదులు కామా పెడతారు. "5,5" అంటే ఐదున్నర. దాన్ని యాభై ఐదుగా చదివి, అంత పెద్ద స్టార్టరు ధర అడిగిన ఫోను నాకు ఒకటి కాదు, రెండుసార్లు వచ్చింది.