చెవిలో కొవ్వొత్తి పెడితే గుబిలి రాదు, మైనం దిగుతుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా పని చేస్తున్నాను. చెవి మూసుకుపోయిందని వచ్చేవాళ్ళలో కొందరు ఈమధ్య కాగితంలో చుట్టుకొచ్చిన ఒక ముక్కను టేబుల్ మీద పెడుతున్నారు. అది గుబిలి తీయడానికని చెవిలో పెట్టి వెలిగించే ఇయర్ క్యాండిల్ కాలిపోగా మిగిలిన మొదలు. దాన్ని బ్లేడుతో నిలువుగా చీరితే లోపల పసుపు, గోధుమ రంగుల్లో పొడిపొడిగా ఏదో కనిపిస్తుంది. "చూడుండ్రి సార్, ఎంత గుబిలి గుంజిందో" అంటారు. ఈ నమ్మకమంతా ఆ ముక్క మీదే నిలబడింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: కొవ్వొత్తి మొదట్లో కనిపించేది చెవిలోంచి వచ్చిన గుబిలి.

ఇయర్ క్యాండిల్ అంటే మైనంలో ముంచిన నూలుగుడ్డను గొట్టంలా చుట్టింది. జానెడు పొడవుంటుంది, లోపల బోలుగా ఉంటుంది. సన్నటి కొసను చెవిలో పెట్టి, పై కొసకు నిప్పంటిస్తారు. కాలుతున్నప్పుడు కరిగిన మైనంలో కొంత, మసి కొంత, కాలీ కాలని నూలు పీచు కొంత ఆ గొట్టం లోపలే కిందికి జారి, సన్నటి కొస దగ్గర గడ్డకడతాయి. చీరి చూసినప్పుడు కనిపించేది అదే.

అనుమానం ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. అదే ప్యాకెట్లోని ఇంకో కొవ్వొత్తిని చెవిలో పెట్టకుండా ఖాళీ గాజు సీసా మూతిలో నిలబెట్టి, పక్కన నీళ్ళు పెట్టుకుని కాల్చండి. అంతే పొడవు కాలాక ఆర్పి, చీరి చూడండి. సీసాకు గుబిలి ఉండదు కదా, అయినా అదే రంగు, అదే పొడి కనిపిస్తుంది. 1996లో అమెరికాలో చెవి డాక్టర్లు దీని మీద ప్రచురించిన పరిశోధనలో ఈ పదార్థాన్ని రసాయన పరీక్షకు పంపారు. అందులో దొరికింది కొవ్వొత్తి మైనమే. గుబిలిలో ఉండే పదార్థాలేవీ లేవు.

కొలత చూసినా లెక్క కుదరదు. పెద్దవాళ్ళలో చెవి గొట్టం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. అందులో పట్టేది ఒక మిల్లీలీటరుకు కాస్త అటూ ఇటూ. మీరు తెచ్చి చూపించే ముక్కలో ఉన్నది చాలాసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అపోహ: మంట వల్ల లోపల గాలి పైకి లాగుతుంది, దాంతోపాటు గుబిలీ వస్తుంది.

పొయ్యి గొట్టంలో పొగ పైకి పోతుంది కదా, ఇదీ అంతేనని పార్లర్లలో చెబుతారు. పొయ్యి గొట్టంలో వేడి గాలి పైకి పోవాలంటే కింది నుంచి కొత్త గాలి లోపలికి రావాలి. చెవిలో కింద దారి లేదు. గొట్టం చివర కర్ణభేరి తలుపులా మూసి ఉంటుంది. పైగా మంట ఉన్నది జానెడు దూరాన. 1996 పరిశోధనలోనే కొవ్వొత్తి కాలుతున్నప్పుడు కింది కొస దగ్గర గాలి పీడనాన్ని కొలిచారు. లాగే పీడనం ఏమీ కనిపించలేదు. మనుషుల చెవుల్లోనూ పెట్టి చూశారు. గుబిలి ఎంతున్నది అంతే ఉంది. కొన్ని చెవుల్లో అదనంగా మైనం చేరింది.

మేమూ గుబిలిని సక్షన్‌తోనే తీస్తాం కదా అని ఒకాయన అడిగారు. నిజమే. కానీ మా సన్నటి గొట్టం కొసను మైక్రోస్కోపులో చూస్తూ, నేరుగా గుబిలికి ఆనించి, యంత్రంతో లాగుతాం. గుబిలి జిగటగా చర్మానికి అతుక్కుని ఉంటుంది. కొంచెం గట్టిపడితే ఆ యంత్రానికీ ఒక పట్టాన ఊడిరాదు. చెవి మొత్తానికి అడ్డంగా మూతపెట్టి, అలాంటి గుబిలి ఊడేంత బలంగా లాగగలిగితే ముందు దెబ్బతినేది కర్ణభేరే. అది 0.1 మిల్లీమీటరు మందమే ఉంటుంది.

అపోహ: పళ్ళెం అడ్డం పెడతారు, చేయి తిరిగినవాళ్ళు చేస్తారు, కాబట్టి కాలదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ దెబ్బలు ఈ ధీమా వల్లే తగులుతున్నాయి.

కొవ్వొత్తి మధ్యలో గుచ్చే పేపర్ ప్లేటు బయటి వైపు కారే మైనాన్ని ఆపుతుంది. లోపల బోలుగా ఉన్న గొట్టంలోంచి కారే చుక్కను ఏ ప్లేటూ ఆపదు. మనిషిని పక్కకు పడుకోబెడతారు కాబట్టి చెవి గొట్టం ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది. పడిన చుక్క నేరుగా లోపలికే పోతుంది. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చర్మం కాలడానికి ఆ వేడి కొన్ని సెకన్లు తగిలితే చాలు. అందులోనూ చెవి గొట్టంలో లోపలి మూడింట రెండు వంతుల చర్మం చాలా పలుచన. దాని కింద కొవ్వు పొర ఉండదు, నేరుగా ఎముకే. అందుకే అక్కడ కాలితే నొప్పి భరించలేరు.

పైన చెప్పిన పరిశోధకులే 122 మంది చెవి డాక్టర్లను అడిగితే 21 గాయాలు బయటపడ్డాయి. 13 మందికి చెవి డొప్పో గొట్టమో కాలింది, ఏడుగురికి మైనంతో చెవి మూసుకుపోయింది, ఒకరికి కర్ణభేరికి చిల్లు పడింది.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒకామె సంగతి చెబుతాను. టైలరింగ్ చేస్తుంది, వయసు ముప్పై దాటింది. తలస్నానం చేశాక కుడిచెవి టక్కున మూసుకుపోయింది. ఇది చాలామందికి జరిగేదే. లోపలున్న గుబిలి నీళ్ళు పీల్చి ఉబ్బితే దారి మూసుకుపోతుంది. చుక్కల మందుతో పోయేది. "మా వదిన పార్లర్ నడుపుతది సార్, ఆన్‌లైన్లో తెప్పించి పెట్టింది. మొదటిదానికి ఏం కాలే. రెండోది పెట్టినంక లోపల సుర్రుమన్నది, లేచి కూసున్నా" అని చెప్పింది. మర్నాటికి చెవి పూర్తిగా వినపడకుండా అయింది. లోపల గుబిలి ఇంకా ఉందనుకుని వదిన మూడోది పెడతానంటే, నొప్పికి భయపడి మా దగ్గరికి వచ్చింది.

చూస్తే చెవి డొప్ప గుంటలో వేలిగోరంత మేర ఎర్రగా కంది, మధ్యలో చిన్న బొబ్బ. గొట్టం మొదట్లో వెంట్రుకలకు అతుక్కుని తెల్లటి గట్టి ముద్ద ఉంది. గుబిలి ముదురు గోధుమ రంగులో, సాధనం తగిలితే జిగటగా లొంగుతుంది. ఇది గట్టిగా, గోరుతో గీకిన కొవ్వొత్తిలా ఉంది. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవి ముందు పెడితే సరిగ్గా వినలేదు, చెవి వెనక ఎముకకు ఆనిస్తే బాగా విన్నది. అంటే లోపలి నరం బాగానే ఉంది, శబ్దం పోయే దారికి అడ్డం పడింది.

ఆ అడ్డం తీయడం మామూలు గుబిలి తీసినట్టు కాదు. గుబిలిని కరిగించే చుక్కలకు మైనం లొంగదు. పిచికారీతో నీళ్ళు కొడితే కదలదు. వేడినీళ్ళతో కరిగిద్దామంటే, మైనం కరిగే వేడికి చెవే కాలిపోతుంది. పైగా కర్ణభేరి కనిపించనప్పుడు, చిల్లు పడిందో లేదో తెలియకుండా నీళ్ళు కొట్టకూడదు. ఆమెను మైక్రోస్కోపు కింద పడుకోబెట్టి, మత్తు చుక్కలు వేసి, సన్నటి కొక్కెంతో అంచు నుంచి కొద్దికొద్దిగా పెళ్ళలు ఊడదీశాం. వెంట్రుకలకు అంటిన చోట కత్తిరించాల్సి వచ్చింది. తెల్లటి ముద్ద పోయాక దాని వెనక కనిపించింది ఆమె అసలు గుబిలి, ఉన్నది ఉన్నట్టే, మెత్తగా, గోధుమ రంగులో. రెండు కొవ్వొత్తులు కాల్చినా అందులో రవ్వంత కూడా బయటికి రాలేదు. దాన్ని సక్షన్‌తో తీయడానికి ఎంతోసేపు పట్టలేదు.

కర్ణభేరికి చిల్లు లేదు. గొట్టం అడుగున చర్మం మాత్రం కాలి పచ్చిగా ఉంది. అక్కడ మందు పూసి, తడి తగలనివ్వొద్దని చెప్పి, రెండు వారాలకు మళ్ళీ రమ్మన్నాం. కాలిన చర్మం మానేటప్పుడు ముడుచుకుని గొట్టం ఇరుకైపోయే ప్రమాదం ఉంది కాబట్టి మళ్ళీ చూడటం తప్పనిసరి. ఆమెకు బాగానే మానింది. చిన్నపిల్లలైతే ఈ పని మెలకువగా ఉండగా చేయనివ్వరు, చాలాసార్లు ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చి తీయాల్సి ఉంటుంది. న్యూజిలాండ్‌లో నాలుగేళ్ళ పాప చెవినొప్పితో వస్తే కర్ణభేరి మీద తెల్లటి పదార్థం కనిపించింది. అది కొవ్వొత్తి మైనమేనని తేలింది. ఆ కేసును 2012లో అక్కడి డాక్టరు వైద్య పత్రికలో రాశారు.

అపోహ: ఇది హోపీ తెగవాళ్ళ పురాతన వైద్యం, కాబట్టి హాని ఉండదు.

అమెరికాలోని ఆ హోపీ తెగవాళ్ళే ఇది మా ఆచారం కాదని చెప్పారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో వీటి తయారీదారులకు హెచ్చరిక లేఖలు పంపింది.

అపోహ: పొగ లోపలికి పోయి సైనస్, తలబరువు తగ్గిస్తుంది.

చెవి గొట్టం కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ముక్కుకు గానీ సైనస్‌కు గానీ పొగ పోయే దారి లేదు. చేయించుకున్నాక హాయిగా అనిపించిందంటే నేను కాదనను. అరగంట కళ్ళు మూసుకుని వెచ్చగా పడుకుంటే ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

మరి గుబిలి ఉంటే ఏం చేయాలి?

చాలామందికి ఏమీ చేయనక్కర్లేదు. గుబిలి తయారయ్యేది గొట్టం బయటి మూడో వంతులోనే. చర్మం మెల్లగా బయటికి జరుగుతూ, దవడ కదలికతో కలిసి, దాన్ని తనే నెట్టేస్తుంది. రైస్ మిల్లు దుమ్ములో పని చేసేవాళ్ళకు, చెవి మిషన్ పెట్టుకునేవాళ్ళకు, కాటన్ బడ్స్‌తో రోజూ లోపలికి తోసుకునేవాళ్ళకు ఎక్కువగా పేరుకుంటుంది. మూసుకుపోయినట్టుంటే, మెడికల్ షాపులో దొరికే గుబిలి కరిగించే చుక్కలు మూడు నుంచి ఐదు రోజులు వేసుకుని డాక్టరుకు చూపించండి. చీము కారుతున్నా, ముందు కర్ణభేరికి చిల్లు ఉన్నా, చెవి ఆపరేషన్ అయి ఉన్నా చుక్కలు కూడా సొంతంగా వేయొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు పిచికారీ కొట్టించుకునే ముందు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి, తడి ఉండిపోతే వాళ్ళకు ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోవచ్చు.

ఇప్పటికే కొవ్వొత్తి పెట్టించుకుని, ఆ తర్వాత చెవిలో మంట, ముందుకన్నా ఎక్కువ మూత, చీము, రక్తం, కళ్ళు తిరగడం ఇలాంటివి ఏవి కనిపించినా పుల్లతోనో పిన్నుతోనో కెలకొద్దు, నూనె పోయొద్దు, ఇంకో కొవ్వొత్తి అసలే పెట్టొద్దు. డాక్టరు దగ్గర సిగ్గుపడి దాచకుండా కొవ్వొత్తి పెట్టించుకున్నామని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట తెలిస్తే మేము నీళ్ళ పిచికారీ జోలికి పోకుండా నేరుగా మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్తాం.