తాబేలు గుడ్లు పెడుతుంటే మీరెందుకు మాట్లాడుతున్నారు?

పిల్లలూ,

మీరు పంపిన వీడియో చూశాను. ఫారెస్టు వాళ్లను అడిగి, ఎర్ర లైటు పెట్టుకుని, తాబేలు వెనకవైపు కూర్చుని తీశారు కాబట్టి అది బెదరలేదు, విశాఖ సాగర్ నగర్ ఒడ్డున తీసిన ఆ మూడు నిమిషాలూ బాగా వచ్చాయి. గోలంతా వాయిస్ ఓవర్‌తోనే. "తాబేలు నెమ్మదిగా ఒడ్డుకు వస్తోంది", "ఇప్పుడు గుంత తవ్వుతోంది" అంటూ రేడియోలో క్రికెట్ కామెంటరీలా చెప్పుకుంటూ పోయారు. కనిపిస్తూనే ఉంది కదర్రా!

ముందు స్క్రిప్టులో కంటికి కనిపించేవన్నీ కొట్టేయండి. నేను కొట్టేసి చూశాను, నాలుగు సంగతులు, చివర ఒక ముగింపు మాట మిగిలాయి. అవి చాలు.

మొదటిది, తాబేలు నీళ్లు దాటి పొడి ఇసుక మీదికి వచ్చినప్పుడు. "ఈ ఒడ్డునే పుట్టింది" అని రాశారు, ఆ తాబేలు సంగతి మీకెలా తెలుసు? "పుట్టిన తీరం చుట్టుపక్కలకే గుడ్లు పెట్టడానికి వస్తాయి" అనండి, అది నిజం. ఇంకోటి, అల విరిగేటప్పుడు మాట మొదలుపెట్టకండి. ఆ హోరులో స, శ లాంటి అక్షరాలు కొట్టుకుపోతాయి, అప్పుడు మీరు గొంతు పెంచుతారు, లేదా ఎడిటింగ్‌లో సముద్రాన్ని తగ్గిస్తారు. అల విరిగి నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు కాస్త నిశ్శబ్దం దొరుకుతుంది చూడండి, వాక్యం అక్కడ పెట్టండి.

రెండోది గుంత దగ్గర. వెనక కాళ్లు రెండూ వంతులవారీగా ఇసుక తోడుతున్న షాటు మీ వీడియోలో అన్నిటికంటే బాగుంది, దాని మీదే మీరు అత్యధికంగా మాట్లాడారు. అక్కడ ఒక్క మాట చాలు: "తను తవ్వే గుంత దానికి కనిపించదు." గుంత దాని వెనకాల ఉంది, కెమెరాకు కనిపిస్తుంది గానీ తాబేలుకు కాదు, ఈ సంగతి బొమ్మ చెప్పదు. అది చెప్పాక నోరు మూసుకోండి. చూసేవాళ్లు ఆ కాళ్లను మళ్లీ మొదటినుంచి చూడటం మొదలుపెడతారు, దానికి పది సెకన్లయినా ఇవ్వాలి.

గుడ్లు పడేటప్పుడు మొదటి నాలుగైదు పడనిచ్చి, "సుమారు వంద పెడుతుంది" అంటే సరిపోతుంది. తెల్లగా, గుండ్రంగా ఉన్నాయని చెప్పక్కర్లేదు.

నాలుగోది మాత్రం తప్పకుండా చెప్పాలి. కంట్లోంచి నీళ్లు కారుతున్న క్లోజప్ పెట్టి, "తల్లి నొప్పితో ఏడుస్తోంది" అన్నారు. కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరున్న గ్రంథులు బయటికి తోసేస్తాయి, సముద్రంలో ఉన్నప్పుడూ అదే పని, నీళ్లలో మనకు కనిపించదంతే. బొమ్మ చూసేవాణ్ని తప్పుదోవ పట్టించే చోట ఊరుకోకూడదు. "అది ఏడుపు కాదు, ఒంట్లోని ఉప్పు బయటికి పోతోంది" అని మామూలు గొంతుతో చెప్పేయండి. చెప్పడం ఇష్టం లేకపోతే ఆ క్లోజప్ తీసేయండి.

గుంత పూడ్చాక ఈ రిడ్లీ జాతి తాబేలు ఒక పని చేస్తుంది, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టచిప్పతో ఇసుకను దబ్ దబ్‌మని కొట్టి గట్టిపరుస్తుంది. మీ వీడియోలో ఆ ఊపు కనబడుతోంది, చప్పుడు లేదు. గాలి రొద పోవడానికి లో కట్ పెట్టి ఉంటారు, ఈ దబ్బు కూడా కింది స్థాయి శబ్దమే కాబట్టి దాంతోపాటే కొట్టుకుపోయింది. లో కట్ తీసేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోను స్పీకర్లో ఆ స్థాయి సరిగా పలకదు. అయినా లేకపోతే, ఈసారి మైకుకు బొచ్చు తొడుగు వేసి, తాబేలు దారికి అడ్డం రాకుండా వెనకగా, ఇసుకకు దగ్గరగా పెట్టండి. అక్కడ మాటా వద్దు, సంగీతమూ వద్దు.

అన్నట్టు, మాట ఆపడం అంటే శబ్దం ఆపడం కాదు. మీ వీడియోలో మాట ఆగిన ఒకటి రెండు చోట్ల కింద ఏమీ లేదు, స్పీకరు పాడైందనుకుని నేను వైరు కదిపి చూశాను. అవి స్టూడియోలో చదివిన ముక్కల మధ్య ఖాళీలు. ఇంకోచోట మాట వచ్చినప్పుడల్లా సముద్రం తగ్గి, అయిపోగానే ఒక్కసారిగా పైకి లేస్తోంది, కళ్లు మూసుకుని వింటే ఇట్టే తెలిసిపోతుంది. మాటకు ముందు ఒకటి రెండు సెకన్ల నుంచే మెల్లగా, కొంచెమే తగ్గించండి, అలాగే మెల్లగా పెంచండి. దీనికంతటికీ ఒడ్డు చప్పుడు విడిగా కావాలి. మళ్లీ వెళ్లినప్పుడు షూటింగ్ అయ్యాక ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా రెండు నిమిషాలు ఉత్త అలలే రికార్డు చేయండి. బీచ్ రోడ్డు మీద బండి హారన్ పడితే మళ్లీ తీయండి.

చివర తాబేలు నీళ్లలోకి దిగకముందే, "ఇక ఈ గూటి దగ్గరికి తిరిగి రాదు" అని ముగించేయండి. గుడ్లు పిల్లలవడానికి పట్టే 45 నుంచి 60 రోజుల లెక్క, హేచరీ సంగతి తర్వాతి భాగంలో ఎలాగూ వస్తాయి, ఇక్కడ ఇరికించొద్దు. కొత్త కట్ పంపేటప్పుడు వాయిస్ ఓవర్ ఒక ట్రాకు, ఒడ్డు చప్పుడు ఒక ట్రాకు విడివిడిగా పంపండి, కలిపి పంపితే నేనేమీ సరిచేయలేను.

మీ పెద్దనాన్న