మైకు ముందు వణుకు: నా దగ్గరికొచ్చే అపోహలు

అపోహ: ఒక్కసారి బలవంతంగా స్టేజీ ఎక్కిస్తే భయం పోతుంది.

కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది చిన్నప్పుడు అలా ఎక్కించబడ్డవాళ్లే. రెండు మాటలు మాట్లాడి కిందికి పారిపోతే, పారిపోగానే కలిగిన ఊరటే మనసులో నిలిచిపోతుంది. మరుసటిసారి అడుగు ఇంకా బరువవుతుంది. అందుకే మెట్లు కట్టుకుని ఎక్కాలి.

ఒక బ్యాంకు ఉద్యోగిని సంగతి చెబుతాను (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). నెలనెలా పాతికమంది ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలి. భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయమంటే దానికి 90 వేసింది. కాగితం మీద అన్నిటికన్నా కింద, 35 దగ్గర, ఫోన్ కెమెరా ముందు పేపర్లో వార్త చదవడం రాసుకున్నాం. దాని పైన ఇంట్లో భర్తకీ అత్తగారికీ నిలబడి చెప్పడం, ఆ పైన అపార్ట్‌మెంట్ మీటింగులో లేచి ఒక ప్రశ్న అడగడం. ఒక్కో మెట్టూ వారంలో మూడు నాలుగు సార్లు, వీలుకాని చోట దానికి దగ్గరిది. ప్రతిసారీ ముందు "ఏం జరుగుతుందనుకుంటున్నాను", తర్వాత "ఏం జరిగింది" అని రాయాలి. భయం తగ్గిందా లేదా అన్నదానికన్నా ఈ రెండింటి మధ్య తేడా కంటపడటమే నాకు ముఖ్యం.

అపోహ: నా వణుకు అందరికీ కనిపిస్తుంది.

రెండో వారం ఆమె మధ్యలో ఆగిపోయింది. "అర నిమిషం నోరు పెగల్లేదు మేడమ్" అంది. వీడియో పెట్టి చూశాం: నాలుగు సెకన్లు. చేతుల వణుకు వెతికినా దొరకలేదు. లోపల గుండె దడదడలాడుతుంటే బయటికీ అలాగే కనిపిస్తున్నామనుకుంటాం.

అపోహ: బట్టీ పడితే ధైర్యం వస్తుంది.

ఒక్క మాట మరిచిపోతే బట్టీ మొత్తం కూలుతుంది. మూడు ముఖ్యాంశాలు, మొదటి వాక్యం చాలు. బట్టీలాంటి ఊతకర్రలు ఇంకా ఉంటాయి. నాలుగో వారంలో ఈమె మార్కు 70 దగ్గర కదలకుండా కూర్చుంది. ఎందుకా అని వీడియోలు మళ్లీ చూస్తే, ప్రతి వాక్యానికీ నీళ్ల సీసా ఎత్తి ఒక గుక్క. నీళ్లున్నాయి కాబట్టి గట్టెక్కాను అని మనసు లెక్క కట్టుకుంటోంది. సీసా పక్కన పెట్టించాను. మొదటిసారి మార్కు 80కి పెరిగింది, ఆమెకు నా మీద కోపం కూడా వచ్చింది. అదే వారం మూడోసారికి 50కి దిగింది.

అపోహ: మాత్ర వేసుకుంటే సరి.

ప్రొప్రనొలోల్ దడనీ వణుకునీ తగ్గిస్తుంది, అంతే. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం. డాక్టరు రాయకుండా వద్దు.

అపోహ: నయమైతే భయమే రాదు.

ఎనిమిదో వారం మీటింగులో ఆమె 60తో మొదలుపెట్టి, చివరికి 30తో కూర్చుంది. తర్వాత రెండు నెలలు మాట్లాడే పని పడలేదు. మళ్లీ మైకు పట్టుకున్న రోజు 65. ఫోన్ చేసి అడిగింది, మొదటికొచ్చిందా అని. రాలేదు, మధ్య మెట్టు నుంచి రెండు రోజులు చేయమన్నాను.