పెళ్లి ఫోటోల రీటచింగ్, ఆల్బమ్ పని: స్టూడియోల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

అపోహ: డ్రైవ్ లింకు పంపేశాం, గడువు అప్పుడే మొదలైంది.

లింకు రావడం వేరు, పనికి కావాల్సినవన్నీ అందడం వేరు. గడువు లెక్క అన్నీ అందిన రోజు నుంచే మొదలవ్వాలి. నేను చూసినంతలో ఆలస్యం ఎడిటింగ్‌లో కన్నా ఫైళ్లు చేతులు మారే దగ్గరే ఎక్కువగా పుడుతుంది.

ఇద్దరు ఫోటోగ్రాఫర్లు తీసిన పెళ్లి అనుకోండి. రెండో కెమెరా గడియారం 47 నిమిషాలు వెనక ఉంది. తీసిన సమయం ప్రకారం ఫోటోలు వరుసపెడితే, వధువు హాల్లోకి రాకముందే ఆమె వేదిక మీద కూర్చున్న ఫోటోలు కనిపిస్తాయి. ఆ వరుసలోనే ఆల్బమ్ వేస్తే కథంతా కలగాపులగం అవుతుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. రెండు కెమెరాలూ తీసిన ఒకే క్షణాన్ని వెతికి, సమయాల్లో తేడా చూడాలి. తర్వాత రెండో కెమెరా ఫోటోలన్నిటినీ ఎంచుకుని లైట్‌రూమ్ క్లాసిక్‌లో `Edit Capture Time`తో ఆ తేడా సరిచేయాలి. ఇది సెలెక్షన్‌కు ముందే జరగాలి.

ఫైలు పేర్లదీ ఇదే గొడవ. రెండు కెమెరాల్లోనూ `DSC_0412` ఉండొచ్చు. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లో పోసి, అడిగినప్పుడు రీప్లేస్ నొక్కితే ఒక ఫోటో మాయమైపోతుంది. అందుకే కెమెరాకో ఫోల్డర్ పెట్టి, పేర్ల ముందు A, B అని చేర్చి పంపమంటాను. ఆ పేర్లతోనే క్లయింటుకు సెలెక్షన్ చూపించాలి. మధ్యలో పేర్లు మారిస్తే క్లయింటు ఇచ్చిన నంబర్లకు రా ఫైళ్లు దొరకవు, సగం రోజు వెతుకులాటకే పోతుంది.

అపోహ: ఎన్ని ఫోటోలో చెప్తే చాలు, ఫోటోకు ఇంత అని ఒకే రేటు చెప్పేయొచ్చు.

రేటు సంఖ్యను బట్టి కాదు, ఒక్కో ఫోటో తినే సమయాన్ని బట్టి కట్టాలి. 500 ఫోటోల పని తీసుకుందాం. అన్నిటికీ కలర్ కరెక్షన్ తలా ఒక నిమిషం, అంటే 500 నిమిషాలు. వాటిలో 60 దగ్గరి షాట్లకు చర్మం మీద పని, తలా 10 నిమిషాల చొప్పున 600. ఎనిమిది గ్రూపు ఫోటోల్లో ఎవరో ఒకరు కళ్లు మూశారు, తలా అరగంట చొప్పున 240. మొత్తం 1,340 నిమిషాలు, సగటున ఫోటోకు 2 నిమిషాల 41 సెకన్లు.

ఆ సగటు మీద ఒకే రేటు ఒప్పుకున్నారనుకోండి. తర్వాతి పెళ్లికి అదే స్టూడియో 120 ఫోటోలే పంపింది, కానీ అందులో 30 కళ్లు సరిచేయాల్సిన గ్రూపులు. ఒక్క కలర్ కరెక్షన్, ఆ గ్రూపుల పని కలిపినా 1,020 నిమిషాలు, ఫోటోకు ఎనిమిదిన్నర. ఫోటోకు పట్టే పని మూడింతలు, రేటు పాతదే. మూడు రకాలకు మూడు రేట్లు ముందే రాసుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

గ్రూపు ఫోటో కళ్ల విషయంలో మరో మాట. మూసిన కళ్లను ఉత్తినే తెరవలేం. అదే వరుసలో ముందో వెనకో తీసిన ఫ్రేమ్ నుంచి ఆ మనిషి ముఖం తెచ్చి అతికించాలి. సెలెక్ట్ చేసిన ఒక్క ఫైలే పంపితే దారి మూసుకుపోతుంది. గ్రూపులకు మాత్రం ఆ వరుస మొత్తం పంపండి.

అపోహ: అర్జెంటుగా వాట్సాప్‌లో పంపినా ఆల్బమ్‌కు సరిపోతుంది.

మామూలు ఫోటోగా పంపితే సైజు కుదించుకుపోతుంది. 12×24 అంగుళాల షీటు నిండా ఒకే ఫోటో వేయాలంటే, 300 డీపీఐ లెక్కన 7,200×3,600 పిక్సెళ్లు కావాలి. పొడవు 1,600 పిక్సెళ్లే ఉన్న ఫైలును అంత సాగదీస్తే అంగుళానికి 67 పిక్సెళ్లే మిగులుతాయి. ఫోన్ తెర మీద బాగానే కనిపిస్తుంది, ప్రింటులో కనురెప్పలు మసకబారతాయి. వేరే దారి లేకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

అపోహ: డిజైన్ అయ్యాక ఒక ఫోటో మార్చడం నిమిషం పని.

అడ్డ ఫోటో స్థానంలో అడ్డ ఫోటో అయితే నిజమే. నిలువు ఫోటో వస్తే ఆ షీటు అమరికంతా మళ్లీ చూడాలి. మధ్య మడతలో ముఖం పడకూడదు, అంచు కత్తిరింపులో చేయి తెగకూడదు. కొత్తగా వచ్చిన ఫోటో రీటచ్ కాలేదంటే ఆ పనీ తోడవుతుంది.

అందుకే గడువు చెప్పేటప్పుడు మొదటి ప్రూఫ్‌కు ఇన్ని రోజులు, కరెక్షన్లు అందాక ఇన్ని రోజులు అని విడివిడిగా చెప్తాను. క్లయింటు ప్రూఫ్ చూడటానికి తీసుకునే రోజులు ఈ లెక్కలోకి రావు. రెండు విడతల కరెక్షన్లు ధరలో కలిపి, మూడో విడత నుంచి షీటు లెక్కన వేరే తీసుకుంటాను. ఆ కరెక్షన్లు కూడా ఫోన్లో ఒక్కొక్కటిగా కాకుండా, "షీటు 14, కుడి పేజీ, కింది ఫోటో బదులు B_DSC_0733" అని ఒకే జాబితాగా రాసి ఇవ్వండి.