సంప్ అడ్డుగోడ మీద పన్నెండున్నర టన్నులు

చెన్నైలో పెరంబూరు నుంచి వేళచ్చేరి దాకా కాస్త పెద్ద అపార్ట్‌మెంట్ ఏది చూసినా నేల కింద ఓ సంప్ ఉంటుంది. చాలా చోట్ల దాన్ని నిలువు అడ్డుగోడతో రెండు గదులు చేస్తారు. ఒకదాంట్లో మెట్రో వాటర్, రెండోదాంట్లో బోరు నీళ్లో లారీ నీళ్లో పోస్తారు. కొన్నిచోట్ల రెండింట్లోనూ ఒకే నీళ్లుంటాయి, ఒక గది కడిగేటప్పుడు రెండోది వాడుకోవడానికి ఆ ఏర్పాటు. రెండు గదులూ నిండుగా ఉన్నంతసేపూ అడ్డుగోడకు పనేమీ ఉండదు, రెండు వైపుల తోపుడూ సరిపోతుంది. కడగడానికి ఒక గది ఖాళీ చేసినప్పుడే దానికి అసలు పరీక్ష. “నీళ్లే కదండీ, తొమ్మిదంగుళాల ఇటుక గోడ చాలు” అని మేస్త్రి అంటే నమ్మవచ్చా? లెక్క వేసి చూద్దాం.

గోడ వెడల్పు 4 మీటర్లు, నీటి లోతు 2.5 మీటర్లు అనుకుందాం. గోడ విస్తీర్ణం 10 చదరపు మీటర్లు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను తూగుతాయి కాబట్టి h మీటర్ల లోతులో పీడనం చదరపు మీటరుకు సరిగ్గా h టన్నులు. ఇంజనీర్లు దీన్ని కిలోన్యూటన్లలో రాస్తారు, టన్ను బరువంటే 9.81 కిలోన్యూటన్లు. ఇక్కడ టన్నుల్లోనే చెప్పుకుంటే లెక్క నోటితోనే అయిపోతుంది. గాలి పీడనం సంగతి మరిచిపోవచ్చు. అది నీటి పైనుంచీ, ఖాళీ గది వైపునుంచీ సమానంగా తోస్తుంది గనక కొట్టుకుపోతుంది.

చిక్కల్లా ఒకటే, పీడనం గోడంతటా ఒకేలా లేదు. నీటి మట్టం దగ్గర సున్నా, అడుగున 2.5. పీడనాన్ని విస్తీర్ణంతో గుణిస్తే బలం వస్తుందన్నది నిజమే, కానీ ఏ పీడనంతో గుణించాలి? అడుగు పీడనంతో గుణిస్తే 25 టన్నులు వస్తుంది, అది అసలు బలానికి రెట్టింపు. అందుకే గోడను అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉండే సన్నని పట్టీలుగా కోసినట్టు ఊహించుకుంటాం. అడ్డంగానే ఎందుకంటే, అలాంటి పట్టీలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లోతు మారదు, కాబట్టి పీడనమూ మారదు. నిలువుగా కోస్తే ప్రతి ముక్కలోనూ మళ్లీ పైనుంచి కిందికి పీడనం మారుతూనే ఉంటుంది, సమస్య ఎక్కడిదక్కడే మిగులుతుంది.

అర మీటరు ఎత్తున్న ఐదు పట్టీలు తీసుకుందాం. ఒక్కోదాని విస్తీర్ణం 2 చదరపు మీటర్లు. ప్రతి పట్టీకీ దాని పై అంచు లోతునే వాడితే మొత్తం 10 టన్నులు వస్తుంది, అది తప్పకుండా తక్కువ. కింది అంచు లోతు వాడితే 15, అది తప్పకుండా ఎక్కువ. నిజమైన బలం ఈ రెంటి మధ్యా ఉంది. పట్టీలను పది చేస్తే ఆ హద్దులు 11.25, 13.75 అవుతాయి. ఐదేసి సెంటీమీటర్ల చొప్పున యాభై చేస్తే 12.25, 12.75. పట్టీ ఎంత సన్నబడితే హద్దులు అంతగా దగ్గరపడి ఒకే సంఖ్య మీద మూసుకుంటాయి. ఆ సంఖ్యను పట్టీలు లెక్కపెట్టకుండా నేరుగా పట్టుకోవడమే సమాకలనం. గోడ వెడల్పును b, నీటి మొత్తం లోతును H, ఘనపు మీటరు నీటి బరువును ρg అందాం, టన్నుల్లో అది 1. h లోతులో dh మందమున్న పట్టీ విస్తీర్ణం b dh, దాని మీద బలం ρgh·b dh. పై నుంచి అడుగు దాకా కూడితే:

F = ∫₀ᴴ ρ g h b dh = ρ g b H² / 2

మన గోడకు 4 × 2.5² / 2, అంటే 12.5 టన్నులు. ఇంచుమించు ఒక 12,000 లీటర్ల లారీ ట్యాంకర్ నీళ్ల బరువు అడ్డంగా గోడను తోస్తున్నట్టు.

ఈ సూత్రంలో ఏం లేదో కూడా చూడండి. గోడ వెనక నీళ్లు ఎంత దూరం పరుచుకున్నాయన్నది అందులో ఎక్కడా లేదు. ఆ గది పొడవు 3 మీటర్లయితే అందులో 30,000 లీటర్లు, ఒక మీటరే అయితే 10,000 లీటర్లు. గోడకు మాత్రం తేడా తెలియదు, రెండు సార్లూ అదే 12.5 టన్నులు. చెంబరంబాక్కం చెరువులో 24 అడుగుల నిండు మట్టానికి 3,645 మిలియన్ ఘనపుటడుగుల నీళ్లు పడతాయి. అయినా నిలువు గోడ మీద బలాన్ని నిర్ణయించేది ఆ 24 అడుగులే, 3,645 కాదు.

మొత్తం బలం తెలిస్తే సగం పనే అయింది. అది ఎంత ఎత్తున పనిచేస్తుందన్నదే గోడ నిలుస్తుందా, విరుగుతుందా అన్నది తేలుస్తుంది. దీనికీ పట్టీలే ఆధారం, ప్రతి పట్టీ బలాన్ని నేల నుంచి దాని ఎత్తుతో గుణించి కూడాలి. అలా వచ్చేదే మొదలు దగ్గర గోడను వంచే బలభ్రామకం. సమాకలనం చేస్తే అది ρgbH³/6, మన గోడకు 10.42 టన్ను-మీటర్లు. దీన్ని 12.5తో భాగిస్తే 0.83 మీటరు, అంటే నేల నుంచి సరిగ్గా మూడో వంతు ఎత్తు. మొత్తం బలమంతా ఆ ఎత్తున ఒక్కచోటే పనిచేస్తున్నట్టు లెక్క.

ఇక్కడొక సూక్ష్మముంది. ముందటి ఐదు పట్టీలకే మధ్య లోతులు వాడితే 0.5, 1.5, 2.5, 3.5, 4.5 టన్నులు వచ్చి మొత్తం 12.5 చక్కగా కుదురుతుంది. పీడనం సరళరేఖలా పెరుగుతుంది కాబట్టి ఆ జవాబు ఉజ్జాయింపు కాదు, కచ్చితం. దాంతో ధైర్యం వచ్చి భ్రామకాన్నీ అలాగే వేస్తే మాత్రం 10.625 వస్తుంది, రెండు శాతం ఎక్కువ. ఎందుకంటే ప్రతి పట్టీలోనూ అడుగు వైపే కాస్త ఎక్కువ తోపుడు ఉంటుంది, దాని బలం పట్టీ నడిమికి కొంచెం కిందుగా పనిచేస్తుంది. బలానికి సరిపోయిన పట్టీలు భ్రామకానికి సరిపోవాలని లేదు.

ఇప్పుడు మేస్త్రి మాటకు వద్దాం. గోడ మీటరు వెడల్పుకు భ్రామకం 2.6 టన్ను-మీటర్లు, అంటే 25.5 కిలోన్యూటన్-మీటర్లు. పక్కల ఆసరా లేకుండా నేల మీద మాత్రమే నిలబడిన 230 మిల్లీమీటర్ల ఇటుక గోడలో ఇది మొదలు దగ్గర చదరపు మిల్లీమీటరుకు 2.9 న్యూటన్ల లాగుడు పుట్టిస్తుంది. సిమెంటు బాగా కలిపిన మాలుతో కట్టినా, అలా వంగే ఇటుక గోడకు, నీళ్లు తగలని చోటే అయినా, మన భారతీయ ప్రమాణం అనుమతించే లాగుడు సుమారు 0.07 మాత్రమే. నలభై రెట్ల తేడా! పక్క గోడలు పట్టుకుని భారం సగం పంచుకున్నాయనుకున్నా ఇంకా ఇరవై రెట్లు మిగిలే ఉంటుంది. గోడ సొంత బరువు ఇచ్చే నొక్కుడు ఇంత లాగుడు ముందు లెక్కలోకే రాదు. కాబట్టి ఈ గోడ ఆర్‌సీసీతోనే కట్టాలి.

ఇటుక గోడ ఇలా దెబ్బతిన్నప్పుడు పగులు ఎక్కడ మొదలవుతుందో చాలామంది తిరగేసి ఊహిస్తారు. అది ఖాళీ గది వైపు కాదు, నీళ్లున్న వైపు, నేలను ఆనుకుని అడ్డంగా తెరుచుకుంటుంది, లాగుడు అటువైపే కాబట్టి. అది నీళ్ల అడుగున ఉంటుంది, మనకు కనబడదు. మనకు కనబడేది ఖాళీ చేసి తుడిచిన గదిలో, గోడ మొదట్లో మళ్లీ మళ్లీ ఊరే తడి గీత. పూత వేసి దాన్ని మూసేయడం కాదు, దిగిన మనిషిని వెంటనే పైకి రమ్మనాలి. పగులులోకి దూరిన నీళ్లు అక్కడా పీడనం చూపిస్తాయి, మొదట వేసిన లెక్కలో ఆ తోపుడు లేదు. రాతి ఆనకట్టల్లో అడుగునుంచి పైకెత్తే ఈ బలాన్ని ఒకప్పుడు పట్టించుకునేవాళ్లు కాదు. 1895లో ఫ్రాన్స్‌లో బూజే ఆనకట్ట తెగిపోయాకే ఇంజనీర్లు దాన్ని గట్టిగా లెక్కలోకి తెచ్చుకున్నారు.

అడ్డుగోడ కింది భాగంలో రెండు గదులనూ కలిపే రంధ్రం పెట్టి, దానికి ఇనుప షట్టర్ బిగించడమూ ఉంది. 60 సెంటీమీటర్ల చదరపు షట్టర్, కింది అంచు నేల మట్టాన ఉందనుకుందాం. లెక్క తప్పేది ఇక్కడే. షట్టర్ ఎత్తు 0.6 మీటరు కదా అని సమాకలనం 0 నుంచి 0.6 దాకా వేస్తే 108 కిలోలు వస్తుంది. కానీ h అంటే షట్టర్ పై అంచు నుంచి కొలిచే దూరం కాదు, నీటి మట్టం నుంచి కొలిచే లోతు. అవధులు 1.9 నుంచి 2.5 దాకా ఉండాలి. అప్పుడు 0.6 × (2.5² − 1.9²) / 2, అంటే 792 కిలోలు, ఏడు రెట్లు ఎక్కువ. షట్టర్ నడిమి లోతు 2.2ను విస్తీర్ణం 0.36తో గుణించినా ఇదే వస్తుంది, చేసిన లెక్కను సరిచూసుకోవడానికి అదే మంచి దారి. గాడిలో ఇనుము మీద ఇనుము రాసుకునే ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, దాని సొంత బరువు కాక మరో 317 కిలోల లాగుడు ఉంటేగానీ షట్టర్ కదలదు. మనిషి చేత్తో లాగితే రాకపోవడానికి కారణం తుప్పే కానక్కర్లేదు, అందుకే అలాంటి చోట మరతో తిప్పే చక్రం పెడతారు.

కడిగే రోజున పనికొచ్చే లెక్క ఇంకొకటుంది. ఒక గదిలో 2.5 మీటర్లు అలాగే ఉంచి, పక్క గదిలో ఒక మీటరు మాత్రమే తోడారనుకోండి. “ఇంకా సగానికి పైగా నీళ్లున్నాయి కదా, గోడకు ఆసరా ఉంది” అనిపిస్తుంది. మిగిలిన 1.5 మీటర్లు తిరిగి తోసేది 4 × 1.5² / 2, అంటే 4.5 టన్నులే. గోడ మీద అప్పటికే 8 టన్నులు పడ్డాయి, పూర్తి బలంలో 64 శాతం. భ్రామకమైతే లోతు ఘనాన్ని బట్టి పోతుంది కాబట్టి అప్పటికే 78 శాతానికి చేరింది. అంటే మోటారు మొదటి మీటరు తోడేసరికే ప్రమాదంలో ఎక్కువ భాగం వచ్చేసింది. బలం మీద అనుమానమున్న అడ్డుగోడ అయితే రెండు గదుల్లోనూ మట్టం సమానంగా దించుకుంటూ రావాలి, ఒక గదిలో అడుగంటా తోడి రెండోదాని సంగతి తర్వాత చూద్దామనుకోకూడదు. కొత్తగా కట్టించేవాళ్లు డ్రాయింగులో చూడాల్సింది గోడలోని నిలువు కడ్డీలు రెండు ముఖాల వైపూ ఉన్నాయా అని. ఏ గది ఖాళీ అయితే లాగుడు దానికి ఎదుటి ముఖం మీద పడుతుంది, ఏ గదిని ముందు కడుగుతారో ఇంజనీరుకు తెలియదు కదా.