గ్రహాల వక్రగతి: అపోహలు, వాస్తవాలు

పెద్దవాళ్లకు ఆకాశం చూపించేటప్పుడు నాకు ఎక్కువగా ఎదురయ్యే మాట ఇది: "రాత్రి రెండు గంటల పాటు చూశామండీ, కుజుడు పడమటికే పోతున్నాడు. వక్రగతి అంటే ఇదేగా?" కాదు. మిగతా అపోహలు ఎన్ని ఉన్నా నష్టం తక్కువ. ఈ ఒక్కటి మాత్రం నెలల శ్రమను వృథా చేస్తుంది. అందుకే ముందు దీన్ని తేల్చుకుందాం.

అపోహ: గ్రహం పడమటికి జరగడం కనిపిస్తే అది వక్రగతి.

ఆకాశంలో పడమటికి పోయే కదలికలు మూడున్నాయి. మొదటిది భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కనిపించేది. గంటకు 15 డిగ్రీల చొప్పున నక్షత్రాలు, గ్రహాలు, చంద్రుడు అన్నీ కలిసి పడమటికి పోతాయి. రెండోది మోసం చేసేది. నక్షత్రాలు ప్రతి రోజూ నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి కాబట్టి, రోజూ ఒకే టైముకి చూస్తే ఆకాశం మొత్తం రోజుకు సుమారు ఒక డిగ్రీ పడమటికి జరిగి ఉంటుంది. మూడోది అసలు వక్రగతి, అంటే మామూలుగా నక్షత్రాల మధ్య తూర్పుకి నడిచే గ్రహం, పక్కనున్న నక్షత్రాలతో పోలిస్తే కొన్నాళ్లు పడమటికి జరగడం. కుజుడి విషయంలో ఇది ఎక్కువలో ఎక్కువ రోజుకు 0.4 డిగ్రీలు, పున్నమి చంద్రుడి వెడల్పు కన్నా తక్కువ. ఒక్క రాత్రిలో కంటికి అందేది కాదు.

2025 మార్చిలో ఒకాయన తన ఫోన్‌లో ఫొటోలు చూపించారు. రోజూ రాత్రి ఎనిమిదింటికి, అదే గోడ పక్కన నిలబడి, గురుగ్రహాన్ని తీశారు. మూడు వారాల్లో గురుడు దాదాపు రెండు పిడికిళ్ల దూరం పడమటికి దిగాడు. ఆయన ఓపికకి నాకు నిజంగా గౌరవం కలిగింది. కానీ ఆ ఏడాది ఫిబ్రవరి 4కే గురుడి వక్రగతి అయిపోయింది. మార్చిలో గురుడు నక్షత్రాల మధ్య తూర్పుకే నడుస్తున్నాడు. ఫొటోలు పెద్దవి చేసి, దగ్గరలోనే ఎర్రగా ఉన్న రోహిణిని చూపించాను. గోడ నుంచి అది కూడా దాదాపు అంతే జరిగింది. ఆయన కొలిచింది రెండో కదలికని.

పరీక్ష ఒక్కటే: పక్క నక్షత్రం కూడా అంతే జరిగిందా? జరిగితే అది గ్రహం కదలిక కాదు. గోడ, చెట్టు, గడియారం వేటినీ ఆధారంగా తీసుకోకండి. నక్షత్రాలనే తీసుకోండి.

మరి చూసినదాన్ని నమోదు చేసే లాగ్ ఎలా రాయాలి?

చెయ్యి చాచి పట్టుకుంటే పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు, మధ్య మూడు వేళ్లు కలిపి 5, బొటనవేలు 2. ఈ కొలతలు చాలు. గ్రహానికి దగ్గర్లో రెండు నక్షత్రాలు ఎంచుకుని, మూడింటితో ఏర్పడే త్రిభుజం గీయండి. కుడి, ఎడమ, పైన, కింద అని రాయొద్దు. ఉదయించేటప్పుడు ఒకలా ఉన్న త్రిభుజం అస్తమించేటప్పుడు తిరిగిపోతుంది, నెల తర్వాత మీ రాత మీకే అర్థం కాదు. తేదీ, రెండు దూరాలు, చిన్న బొమ్మ ఉంటే సరిపోతుంది. వారానికి రెండు సార్లు చూస్తే చాలు. రోజూ చూసి "ఏం మారలేదు" అని వదిలేసినవాళ్లే ఎక్కువ.

2024-25లో పునర్వసు జంట (పోలక్స్, కాస్టర్) పక్కన కుజుడు వేసిన దారికి లాగ్ ఇలా ఉంటుంది:

డిసెంబర్ 7: పోలక్స్‌కి తూర్పున పిడికిలి కన్నా కాస్త ఎక్కువ దూరం. ముందూ వెనకా వారం రోజులు దాదాపు కదలిక లేదు.
జనవరి 1: పిడికిలి కన్నా తక్కువ.
జనవరి 16: కాస్టర్, పోలక్స్, కుజుడు ఒకే గీత మీద. బాగా ప్రకాశంగా ఉంది.
జనవరి 23: పోలక్స్‌కి అతి దగ్గర, బొటనవేలి కన్నా కొంచెం ఎక్కువ.
ఫిబ్రవరి 24: కాస్టర్, పోలక్స్ రెండింటికీ ఇంచుమించు సమాన దూరం, 7 డిగ్రీలు. మళ్లీ కదలిక లేదు.
మార్చి 31: మళ్లీ పోలక్స్ పక్కకి, ఈసారి 4 డిగ్రీలు.

ఇందులో చూడాల్సింది రెండు ఎంట్రీలు. జనవరి 23న, మార్చి 31న కుజుడు పోలక్స్‌ని రెండు వేర్వేరు దిశల్లో దాటాడు. పైగా దూరం ఒకేలా లేదు. కుజుడి కక్ష్య మన కక్ష్యకు సుమారు 1.85 డిగ్రీలు వాలి ఉండటం వల్ల వెళ్లిన దారిలోనే వెనక్కి రాడు, ఉంగరం లాంటి దారి పడుతుంది.

అపోహ: గ్రహం నిజంగా ఆగి, వెనక్కి నడుస్తుంది.

ఏ గ్రహమూ ఆగదు. లోపలి కక్ష్యలో సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు వెళ్లే మనం, 24 కిలోమీటర్లు వెళ్లే కుజుడిని దాటుతున్నాం, అంతే. మాటల్లో చెబితే పెద్దవాళ్లు తలూపుతారు కానీ నమ్మరు. అందుకే నడిపించి చూపిస్తాను. మైదానంలో ఒకరు సూర్యుడు. రెండు మీటర్ల వృత్తం మీద భూమి, మూడు మీటర్ల వృత్తం మీద కుజుడు. ప్రతి చప్పట్లకి భూమి వృత్తంలో పన్నెండో వంతు నడవాలి, కుజుడు అందులో సగం కన్నా కాస్త ఎక్కువ. ఒక చప్పట్లు ఒక నెల అన్నమాట. భూమి మనిషి కుజుడి వైపు వేలు చూపిస్తూనే ఉండాలి. ఆ వేలు దూరంగా ఉన్న ఏ దీపం వైపు ఉందో మరొకరు రాసుకోవాలి. దాటే సమయంలో రెండు మూడు చప్పట్ల పాటు వేలు వెనక్కి మళ్లుతుంది, నడక మాత్రం ఇద్దరిదీ ముందుకే. చిన్న గదిలో ఇది చెయ్యొద్దు, గోడ దగ్గరగా ఉంటే లెక్క తప్పుతుంది.

అపోహ: వక్రించిన రోజుల్లో పనులు చెడతాయి.

దీని మీద ఎక్కువ టైం పెట్టను. ఇలాంటి పుకార్లు పంపేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. భయపడి అడిగేవాళ్ల మీద రాదు, వాళ్ల టెన్షన్ నిజమైనదే. వాళ్లకి చెప్పేది ఇదే: కుజుడు, గురుడు, శని వక్రగతిలో ఉన్నప్పుడే మనకు అతి దగ్గరగా, ప్రకాశంగా ఉంటాయి. బుధుడు ఏడాదికి మూడు సార్లు, సుమారు మూడు వారాల చొప్పున వక్రిస్తాడు. అప్పుడు మనకూ సూర్యుడికీ మధ్యగా వెళ్తూ చాలా రోజులు సూర్యకాంతిలోనే మునిగి ఉంటాడు. ఆ రోజుల్లో వెతకొద్దు, కళ్లు పాడవుతాయి.

తర్వాతి అవకాశం 2027లో. కుజుడు జనవరి 10 ప్రాంతంలో మఖ నక్షత్రానికి తూర్పున ఒక పిడికిలి దూరంలో నిలిచినట్టు కనిపించి, ఫిబ్రవరి 19 నాటికి దాని పక్కకి వచ్చి, ఏప్రిల్ 1 ప్రాంతంలో పడమటి వైపు దాదాపు అంతే దూరంలో మళ్లుతాడు. 2026 డిసెంబర్ మధ్యలోనే లాగ్ మొదలుపెట్టండి, మొదటి మలుపు దొరుకుతుంది. ఒక జాగ్రత్త: ఆ శీతాకాలం గురుడు కూడా మఖకు పడమటి వైపు దగ్గర్లోనే మెరుస్తూ ఉంటాడు. అంత ప్రకాశమైనది పక్కనే ఉంటే దాన్నే ఆధారంగా పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ అతనూ వక్రగతిలోనే ఉంటాడు, అతని నుంచి కొలిచిన దూరం లెక్కకు రాదు. మఖ నుంచే కొలవండి.